నడుము కింద పొడవు, నడుము పైన నిండుదనం

ప్రశ్న: సార్, నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 51 కిలోలు. ఏం వేసుకున్నా పెద్దవాళ్ళ బట్టలు వేసుకున్న పిల్లాడిలా ఉంటాను. కాస్త ఒళ్ళున్నట్టు కనిపిస్తానని ఎప్పుడూ ఒక సైజు పెద్దదే కొంటాను. నిలువు చారలు పొడుగ్గా చూపిస్తాయంటే రెండు చారల చొక్కాలు కొన్నాను, ఏమీ తేడా లేదు. టైట్ ప్యాంటు వేస్తే కాళ్ళు పుల్లల్లా ఉన్నాయంటున్నారు. వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరాలి, ఇదే టెన్షన్. మళ్ళీ బట్టలు కొనకముందే అడుగుతున్నాను, నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు:

పొడుగ్గా కనిపించడం ఒక పని, నిండుగా కనిపించడం ఇంకో పని. మీరు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. చూపుని పైనుంచి కిందికి నడిపించేది ఏదైనా మనిషిని పొడుగ్గా చూపిస్తుంది, దాంతోపాటే సన్నగానూ చూపిస్తుంది. పొట్టిగా, లావుగా ఉన్నవాళ్ళకి ఆ రెండూ లాభమే. మీకు ఒకటి లాభం, ఇంకొకటి నష్టం. అందుకే పొట్టివాళ్ళ కోసం చెప్పే సలహాలు మీకు సగమే పనికొస్తాయి. అవన్నీ తల నుంచి కాళ్ళ దాకా పాటిస్తే పొడుగు కాస్త వస్తుంది కానీ ఉన్న ఒళ్ళు కూడా పోయినట్టు కనిపిస్తారు.

నేను 20 ఏళ్ళుగా మగవాళ్ళ బట్టలు కుడుతున్నాను, ఆల్టరేషన్లు చేస్తున్నాను. మీ ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు వస్తే నేను ముందు ఒకటే చెబుతాను. పొడుగ్గా చూపించే పని ప్యాంటుకి వదిలేయండి, నిండుగా చూపించే పని చొక్కాకి వదిలేయండి. నిలువు గీతలు, మధ్యలో తెగని రంగు, సరైన పొడవు, ఇవన్నీ నడుము కిందికి. మందమైన గుడ్డ, సరిగ్గా కూర్చున్న భుజం, పైన ఇంకో పొర, ఇవన్నీ నడుము పైకి.

బట్టలు ఎవరి ఎత్తునూ పెంచవు. ఆరడుగుల మనిషి పక్కన నిలబడితే ఏ కుట్టూ ఆ తేడాని దాచలేదు. కానీ పక్కన ఎవరూ లేనప్పుడు, ఫోటోలో గానీ, గదిలోకి నడిచి వస్తున్నప్పుడు గానీ, చూసేవాళ్ళ కంటికి టేపు ఉండదు. అప్పుడది మనిషి పై సగానికీ కింది సగానికీ ఉన్న నిష్పత్తినే చూస్తుంది. కాళ్ళు పొడుగ్గా కనిపిస్తే మనిషి పొడుగ్గా అనిపిస్తాడు. మనం మార్చగలిగింది ఆ నిష్పత్తినే.

ఆమధ్య నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను, అచ్చం మీ ఎత్తే. 5 అడుగుల 3 అంగుళాలంటే మొత్తం 63 అంగుళాలు. మీడియం సైజు చొక్కా బయటికి వదిలేసి, బూడిద రంగు ప్యాంటు వేసుకుని వచ్చాడు. ప్యాంటు తుంటి మీదికి జారి ఉంది. నేను నేల మీద టేపు ఆనించి పైకి కొలిచాను. వెనక కాలరు మొదలయ్యే చోటు నేల నుంచి 54 అంగుళాల ఎత్తులో ఉంది. చొక్కా పొడవు 29 అంగుళాలు, కాబట్టి దాని అంచు నేలకి 25 అంగుళాల ఎత్తులో వేలాడుతోంది. అతని కాళ్ళు కలిసే చోటు 28 అంగుళాల దగ్గర ఉంది. అంటే చొక్కా అంచు తొడల మీదికి 3 అంగుళాలు దిగిపోయింది. చూసేవాళ్ళకి పైన 38 అంగుళాల మనిషి, కింద 25 అంగుళాల కాళ్ళు. అతని అసలు కాళ్ళలో 3 అంగుళాలని ఆ చొక్కా మింగేసింది.

అదే చొక్కా ఇన్‌షర్ట్ చేయించి, ప్యాంటుని బొడ్డుకి కాస్త కిందగా, అది ఉండాల్సిన చోటికి లాగించాను. నడుం పట్టీ 36 అంగుళాల ఎత్తుకి వచ్చింది. ఇప్పుడు పైన 27, కింద 36. అద్దంలో చూసుకుని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. కత్తెర ఇంకా చేతిలోకి తీసుకోలేదు, కొత్త గుడ్డ ఏదీ తేలేదు. అడ్డంగా మనిషిని కోస్తున్న గీత 25 నుంచి 36కి వెళ్ళింది, అంతే.

మీరూ ముందు ఇదే చేయండి. చొక్కా బయటికి వేసుకుని గోడకి ఆనుకుని నిలబడి, అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఇంట్లో ఎవరి చేతైనా కొలిపించండి. ఆ అంచు జిప్పు పొడవు మీద ఎక్కడో ఆగాలి. వెనకవైపు జేబులు సగం కప్పితే చాలు. జిప్పు చివర దాటి కిందికి దిగిందంటే ఆ చొక్కా ఇన్‌షర్ట్ చేసుకోవడానికే పనికొస్తుంది. మీ ఎత్తుకి బయటికి వదిలే చొక్కా పొడవు 26 అంగుళాల దగ్గర ఉంటుంది. రెడీమేడ్‌లో అంత పొట్టి దొరకడం కష్టం, కానీ కింద కత్తిరించి మడత కుట్టడం తేలికైన పని. కత్తిరించేటప్పుడు పక్కల దగ్గర వంపు మరీ ఎక్కువ పెట్టొద్దనండి. పొడుగు చొక్కాకి ఉన్న లోతైన వంపునే పొట్టి చొక్కాకీ ఉంచితే చేతులెత్తినప్పుడు నడుము పక్కన ఒళ్ళు కనిపిస్తుంది.

ఇక ప్యాంటు. మీ ఉత్తరం చూస్తే అసలు చిక్కంతా ఇక్కడే ఉందనిపించింది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆ కుర్రాడి ప్యాంటు నడుము 28, లోపలి కుట్టు పొడవు 30. అతనికి కావాల్సింది ఇరవై ఆరున్నర. మిగిలిన మూడున్నర అంగుళాల గుడ్డ చీలమండ దగ్గర మడతలు మడతలుగా కుప్ప పడుతోంది. ఆ మడతలన్నీ అడ్డ గీతలే. తుంటి నుంచి కిందికి దిగుతున్న చూపు అక్కడికొచ్చి ఆగిపోతుంది. పైగా సన్నటి కాలి చుట్టూ అంత గుడ్డ పోగైతే కాలు ఇంకా సన్నగా, ఆ ప్యాంటు ఇంకెవరిదో అన్నట్టుగా కనిపిస్తుంది.

ఇలాంటి ప్యాంటు ఇస్తే చాలా చోట్ల కింద మూడున్నర అంగుళాలు కత్తిరించి, మడత కుట్టి ఇచ్చేస్తారు. అక్కడే పని చెడుతుంది. ప్యాంటు మోకాలి నుంచి కిందికి క్రమంగా సన్నబడుతూ వస్తుంది. అతని ప్యాంటు మోకాలి దగ్గర చుట్టుకొలత 17 అంగుళాలు, చివర బాటమ్ 14. కింద మూడున్నర అంగుళాలు తీసేస్తే పోయేది ఆ సన్నటి భాగమే. కొత్త చివర దగ్గర చుట్టుకొలత 14 ఉండదు, పద్నాలుగున్నర దాటుతుంది. పొడవు తగ్గింది కానీ బాటమ్ వెడల్పయింది. ప్యాంటు కిందిభాగం గొట్టంలా నిలబడుతుంది. పొడవు తగ్గించినా ఏదో తేడాగా ఉందని జనం అనేది ఇందుకే.

ఇంకో సంగతి కూడా ఉంది. 30 పొడవు ప్యాంటుని పొడుగు కాళ్ళ కోసం గీస్తారు, దాని మోకాలు మీ మోకాలి కంటే దాదాపు 2 అంగుళాలు కింద పడుతుంది. అంటే మీ పిక్క మొదలైన చోట కూడా ప్యాంటు ఇంకా తొడ దగ్గరంత వదులుగానే ఉంటుంది. అందుకని పొడవు తగ్గించాక, మీ అసలు మోకాలు ఎక్కడుందో సుద్దతో గుర్తు పెట్టించి, దానికి కాస్త పై నుంచే సన్నబడేలా రెండు పక్కలా కుట్టు తిరగేయించాలి. ఒక్క పక్కనే పట్టేస్తే ప్యాంటు కాలు మెలితిరుగుతుంది, ముందు ఇస్త్రీ గీత కాలి బొటనవేలి వైపు కాకుండా పక్కకి పోతుంది. కుట్టించుకుని వచ్చాక తప్పు జరిగిందో లేదో తెలుసుకునేందుకు ఆ గీతే సాక్ష్యం. అది తొడ మధ్య నుంచి మోకాలి చిప్ప మీదుగా చెప్పు మధ్యకి నిటారుగా దిగాలి.

ఆ కుర్రాడికి చివర బాటమ్ 13 అంగుళాలకి తెచ్చాను. మడమ సులువుగా దూరాలి, పిక్కకి గుడ్డ అతుక్కోకూడదు, ఈ రెండూ చూసుకునే ఆ కొలత. అతని షూ సైజు చిన్నది కాబట్టి సరిపోయింది. పాదం పెద్దదైతే 14 దాకా ఉంచాలి. లేకపోతే సన్నటి బాటమ్ కింద షూ పడవలా కనిపిస్తుంది.

పొడవు ఎక్కడ ఆపాలన్నది ఇంకా మిగిలి ఉంది. మీరు ఆఫీసుకి వేసుకునే షూ వేసుకునే కొలత ఇవ్వండి. చెప్పులతో ఇచ్చిన కొలత షూకి పనికిరాదు, మడమ ఎత్తులో ఒక అంగుళం తేడా వస్తుంది. ముందు వైపు అంచు షూ పైభాగాన్ని అలా తాకి ఆగాలి, మడత పడకూడదు. వెనకవైపు ఒక పావు అంగుళం నుంచి అరంగుళం దాకా కిందికి దిగితే మంచిది, కాలు ఆ కాస్త కూడా పొడుగ్గా కనిపిస్తుంది. చీలమండ ఎముక బయటికి కనిపించేంత పొట్టిగా మాత్రం పెట్టించకండి. అది ఫ్యాషనే, కానీ మీకు చేటు. ప్యాంటు రంగుకీ షూ రంగుకీ మధ్య ఒళ్ళు కనిపించిందంటే అదొక అడ్డ పట్టీ, పైగా మీ చీలమండ ఎంత సన్నగా ఉందో అందరికీ చూపించినట్టు.

కొలత ఇచ్చేటప్పుడు వంగి కిందికి చూడకండి. వంగగానే వెనక గుడ్డ పైకి లేస్తుంది, ముందు గుడ్డ కిందికి జారుతుంది, మీరు చెప్పే పొడవు తప్పవుతుంది. ఎదురుగా చూస్తూ, మామూలుగా నిలబడండి. పిన్నీసులు పెట్టే పని ఇంకొకరికి వదిలేయండి. రెండు కాళ్ళకీ విడివిడిగా పెట్టించండి. చాలామందికి ఒక కాలు ఇంకోదానికంటే కాస్త తేడాగా ఉంటుంది, ప్యాంటు పొడవు సరిగ్గా ఉన్నప్పుడే అది బయటపడుతుంది.

కాటన్ ప్యాంటైతే కత్తిరించే ముందు ఒకటి రెండుసార్లు ఉతికించండి. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో నేను ఒకరి కొత్త కాటన్ ప్యాంటుని ఉతక్కుండానే అంగుళం లెక్కన కత్తిరించి ఇచ్చాను. రెండు ఉతుకులయ్యాక అది చీలమండ పైకి ఎక్కింది. లోపల మడతకి గుడ్డ కూడా వదల్లేదు, బాగుచేయడానికి దారే లేకపోయింది. అప్పటినుంచి ప్రతి ప్యాంటుకీ లోపల ఒకటిన్నర అంగుళాల మడత వదులుతాను. మీరూ అడిగి వదిలించుకోండి. ఆ మడత లోపలే ఉండాలి. బయటికి తిప్పి పెట్టే మడతలు మీకొద్దు, కాలికి చివర ఒక అడ్డ గీత గీసినట్టవుతుంది.

టైట్ ప్యాంటు వేస్తే కాళ్ళు పుల్లల్లా ఉన్నాయని మీవాళ్ళు అన్నది నిజమే. సరైన కొలత అంటే ఒంటికి అంటుకోవడం కాదు. గుడ్డ కాలి మీద నుంచి నిటారుగా జారాలి, కాలి ఆకారాన్ని అచ్చు గుద్దినట్టు చూపించకూడదు. నిలబడి తొడ దగ్గర గుడ్డని చిటికెతో పట్టుకోండి, ఒక అంగుళం నుంచి ఒకటిన్నర దాకా గుడ్డ చేతిలోకి రావాలి. అంతకంటే తక్కువైతే బిగుతు, 2 దాటితే వదులు. గుడ్డ మీద ముడతలు కూడా ఇదే చెబుతాయి. తొడల దగ్గర, జిప్పు దగ్గర అడ్డంగా లాగినట్టు గీతలు పడుతుంటే బిగుతుగా ఉందని అర్థం. నిలువుగా మడతలు వేలాడుతుంటే వదులుగా ఉందని అర్థం. చీలమండ దగ్గర అడ్డ మడతలు మాత్రం బిగుతు కాదు, పొడవు ఎక్కువై పోగైన గుడ్డ అది. ఈ మూడూ గుర్తుపడితే ట్రయల్ రూమ్‌లో ఎవరి సలహా అక్కర్లేదు.

సాగే గుడ్డతో కుట్టిన పలచటి ప్యాంట్లు మీకు నప్పవు. అవి కాలికి అతుక్కుంటాయి, ఇస్త్రీ గీత నిలవదు. కాస్త బరువున్న, నిటారుగా పడే గుడ్డ తీసుకోండి. దానికి ముందు ఇస్త్రీ గీత పదునుగా పెట్టించుకోండి. మీరు వెతుకుతున్న నిలువు గీత చొక్కా మీద కాదు, అక్కడుంది. నడుము నుంచి షూ దాకా తెగకుండా నడిచే గీత మనిషి ఒంటి మీద అదొక్కటే.

ఇప్పుడు మీ చారల చొక్కాల దగ్గరికి వద్దాం. నిలువు చారలు పొడుగ్గా, సన్నగా చూపిస్తాయన్న మాట అందరూ అంటారు కానీ అది పూర్తిగా నిలబడదు. 1867లోనే హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఒకే కొలతలున్న రెండు చతురస్రాలు తీసుకుని ఒకదాన్ని అడ్డ గీతలతో, ఇంకోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డ గీతలున్నదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని చూపించాడు. 2011లో బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బట్టలు వేసుకున్న మనుషుల బొమ్మలతో పరీక్షించినప్పుడు కూడా అడ్డ చారలు మనిషిని లావుగా చూపించలేదు. కాబట్టి చారల మీదే అంత భారం వేయకండి. నా అనుభవంలో పొడుగ్గా చూపించేది గుడ్డ మీద పదుల కొద్దీ ఉన్న చారలు కాదు, ఒంటి మధ్యలో తెగకుండా నడిచే ఒకటో రెండో గీతలు. గుండీల పట్టీ, తెరిచి వేసుకున్న జాకెట్ రెండు అంచులు, ప్యాంటు ఇస్త్రీ గీత, ఇలాంటివి.

అయినా మీ చొక్కాలు దండగేం కాదు. అవి పనిచేయకపోవడానికి కారణం అవి వదులుగా ఉండటం. చార నిటారుగా ఉంటేనే చార. వదులు చొక్కాలో గుడ్డ చంకల కింద, నడుము చుట్టూ మడతలు పడుతుంది, ఆ మడతల్లో చారలు వంకర్లు పోతాయి. భుజం కుట్టు చేతి మీదికి జారితే ఛాతీ మీద చారలు కూడా పక్కకి వాలిపోతాయి. సాదా చొక్కాలో దాగిపోయే వదులుని చారల చొక్కా గీతలు గీసి మరీ చూపిస్తుంది. అద్దం ముందు నిలబడి ఒక్క చారని ఎంచుకోండి, భుజం దగ్గర మొదలుపెట్టి బెల్టు దాకా వేలితో వెంబడించండి. అది ఎక్కడ పక్కకి తిరిగిందో అక్కడ గుడ్డ ఎక్కువైంది.

దాన్ని సరిచేసే పని భుజంతో మొదలవుతుంది. భుజం కుట్టు మీ భుజం ఎముక అంచు మీద కూర్చోవాలి. అక్కడినుంచి అరంగుళం కిందికి దిగినా ఫర్వాలేదు, అంగుళం దిగితే మాత్రం ఆ చొక్కా వదిలేయండి. భుజం తగ్గించాలంటే చేతులు విప్పి, చంక గుండ్రం మళ్ళీ కత్తిరించి, చేతులు మళ్ళీ ఎక్కించాలి. ఖర్చు ఎక్కువ, ఫలితం అంతంతమాత్రం. ఛాతీ, నడుము, పొడవు, చేతి పొడవు మాత్రం తేలిగ్గా మారతాయి. కాబట్టి కొనేటప్పుడు భుజం ఒక్కటే చూసి కొనండి, మిగతావి టైలరుకి వదిలేయండి.

ఆ కుర్రాడి ఛాతీ 34 అంగుళాలు. వేసుకొచ్చిన మీడియం చొక్కా ఛాతీ 42. 8 అంగుళాల వదులు! నిండుగా కనిపిస్తానని అతనూ మీలాగే అనుకున్నాడు. కానీ వదులు గుడ్డ ఒంటికి నిండుదనం ఇవ్వదు. అది భుజం చివర నుంచి వేలాడుతుంది, లోపల ఏమీ లేదని గాలికి ఊగి మరీ చెబుతుంది. ఛాతీ మీద నాలుగు అంగుళాల వదులు చాలు, అంటే 38. నడుము దగ్గర రెండు పక్కలా చిటికెతో పట్టుకుంటే ఒక్కో పక్క ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళాలు రావాలి. అంతకు మించి ఉంటే పక్క కుట్లు పట్టించవచ్చు, ఇంకా మిగిలితే వెనక రెండు నిలువు డార్ట్‌లు, అంటే గుడ్డని లోపలికి మడిచి వేసే కుట్లు, వేయించవచ్చు. గుండీల మధ్య గుడ్డ నోరు తెరుస్తుంటే మాత్రం ఎక్కువ పట్టేసినట్టు. సన్నటివాళ్ళకి బిగుతు చొక్కాలో భుజం ఎముకలు, మెడ కింది ఎముకలు పైకి తేలతాయి, అది వదులు చొక్కా కంటే చేటు.

పొట్టి చేతుల చొక్కా వేసుకునేటట్టయితే చేతి అంచు దండ సగంలో ఆగాలి, దండకీ గుడ్డకీ మధ్య రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. మోచేతి దాకా దిగే వెడల్పాటి చేతుల్లో మీ చేయి గంటలో నాలుకలా ఆడుతుంది. ఆఫీసుకి పొడుగు చేతుల చొక్కాయే మేలు. దాన్ని మోచేతి కింద దాకా మడిచినా బాగుంటుంది, ఆ మడత చేతికి కాస్త మందం ఇస్తుంది.

నిండుదనం గుడ్డలోనే ఉంది. పలచటి, మెరిసే, జారే గుడ్డలు సన్నటి ఒంటి మీద ఇంకా పలచబడతాయి. ఆక్స్‌ఫర్డ్, ఫ్లానెల్ లాంటి కాస్త మందమైన గుడ్డ ఛాతీ మీద తన ఆకారంలో తాను నిలబడుతుంది. దానిమీద పలచటి స్వెట్టరో, నడుము కిందికి రెండు మూడు అంగుళాలకి మించి దిగని పొట్టి జాకెట్టో వేస్తే భుజాలకి ఒక సైజు పెరిగినట్టుంటుంది. జాకెట్ గుండీలు తెరిచి ఉంచండి. లోపలి చొక్కా మధ్యలో ఒక నిలువు పట్టీలా కనిపిస్తుంది, జాకెట్ రెండు పక్కలా భుజాలకి వెడల్పునిస్తుంది. పొడుగూ నిండుదనమూ ఒకేసారి ఇచ్చే ఏర్పాటు నాకు తెలిసి ఇదొక్కటే. తుంటి దాటి దిగే పొడుగు కోటు మాత్రం వద్దు, చొక్కా చేసిన తప్పే అదీ చేస్తుంది.

రంగుల గురించి ఎక్కువ ఆలోచించకండి. ప్యాంటు, సాక్స్, షూ ముదురు రంగుల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉంటే కాలు నేల దాకా ఒకే గీతలా సాగుతుంది. కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి లేస్తుంది, కాబట్టి సాక్స్ రంగు ప్యాంటుతో కలిసేలా, పొడవు పిక్క దాకా ఉండేలా చూసుకోండి. బెల్టు సన్నగా, ప్యాంటు రంగుకి దగ్గరగా ఉంటే చాలు. పైన చొక్కా కాస్త లేత రంగు వేసుకోవచ్చు, లేత రంగు ఛాతీని పెద్దగా చూపిస్తుంది. తల నుంచి కాళ్ళ దాకా నల్లటి నలుపు వేసుకోమని ఎవరైనా అంటే వినకండి. పొడుగు వస్తుంది, మనిషి మాయమవుతాడు.

ఉద్యోగంలో చేరడానికి నెల ఉంది కాబట్టి, ఈ వారం కొత్తవేవీ కొనకుండా ఇంట్లో ఉన్నవాటిలో నడుము సరిపోయే ముదురు రంగు ప్యాంటు ఒకటి తీసి టైలరు దగ్గరికి తీసుకెళ్ళండి. పొడవు తగ్గించాక మోకాలి పైనుంచి బాటమ్ దాకా మళ్ళీ సన్నబరచాలని, రెండు పక్కలా కుట్టాలని స్పష్టంగా చెప్పండి. నడుము కూడా తగ్గించాల్సి వస్తే 2 అంగుళాల లోపే అయ్యేలా చూసుకోండి. అంతకు మించి పట్టేస్తే వెనక జేబులు రెండూ ఒకదాని పక్కకి ఒకటి జరిగిపోతాయి, అలాంటి ప్యాంటు మీద డబ్బు పెట్టకండి.

అది వచ్చాక ఇన్‌షర్ట్ చేసుకుని, షూ వేసుకుని, ఎవరినైనా నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి ఫోటో తీయించండి. ఫోన్ వాళ్ళ నడుము ఎత్తులో నిటారుగా పట్టుకోవాలి. కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే ఎవరి కాళ్ళయినా పొట్టిగానే వస్తాయి, ఆ ఫోటో చూసి మంచి ఆల్టరేషన్‌ని కూడా మీరు తప్పుపడతారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి చాలు. పక్కనుంచి తీసినదాంట్లో తుంటి కింద గుడ్డ సంచిలా వేలాడుతుంటే సీటు దగ్గర కూడా కాస్త పట్టించాలి, అది కూడా టైలర్లు అడక్కుండా చేయరు.

ఆ ప్యాంటు కుదిరిందంటే దాన్నే నమూనాగా ఇచ్చి ఇంకో రెండు కుట్టించుకోండి. మీ కొలతకి మొదటినుంచీ కుట్టిస్తే మోకాలు సరైన చోటే పడుతుంది. మీ చారల చొక్కాల్లో భుజం కుట్టు ఎముక మీద కూర్చున్నదేదో చూసి, దాన్ని పక్కల పట్టించి ఉంచుకోండి. రెండోదాని భుజం జారిపోయి ఉంటే దానిమీద ఆల్టరేషన్ డబ్బులు పెట్టకుండా, ఆ భుజం సరిపోయేవాళ్ళెవరికైనా ఇచ్చేయండి.